కెమెరా, డ్రోన్, కంట్రోలర్: విడి చార్జర్లు మోయాలా, యూఎస్‌బీ కేబుల్‌తో సరిపెట్టుకోవాలా?

మబ్బులచాటు

ప్రయాణం పెట్టుకున్నా, బ్యాగ్ బరువు తగ్గిద్దామని చూస్తున్నా. ఎఫ్‌జెడ్100 బ్యాటరీతో నడిచే పాత తరం మిర్రర్‌లెస్ బాడీ ఒకటి ఉంది, బ్యాటరీలు రెండు. చిన్న డ్రోన్, 250 గ్రాముల లోపుది, దానికి మూడు బ్యాటరీలు. సాయంత్రాలు ఆడుకోవడానికి గేమ్ కంట్రోలర్లు రెండు. అన్నిటికీ యూఎస్‌బీ-సీ పోర్టు ఉంది కాబట్టి 65 వాట్ల చార్జర్ ఒకటి, కేబుళ్లు రెండు పెట్టుకుపోతే చాలు కదా అనుకున్నా.

పేచీ అంతా కెమెరాతోనే. బ్యాటరీ లోపలే ఉంచి 65 వాట్ల చార్జర్‌కి పెడితే ఖాళీ నుంచి నిండటానికి ఐదు గంటలు దాటుతోంది. అదే బ్యాటరీని విడి గోడ చార్జర్‌లో పెడితే రెండున్నర గంటల్లో అయిపోతోంది. లాప్‌టాప్‌ని మాత్రం ఈ 65 వాట్ల చార్జరే బ్రహ్మాండంగా నింపుతుంది. మరి కెమెరా దగ్గర ఏమొచ్చింది? ఇంకా పెద్ద చార్జర్ కొనమంటారా, గోడ చార్జర్‌నే మోసుకెళ్లమంటారా?

---

బాస్‌లెవెల్

బ్రో, ముందు ఆ 65 వాట్లు కెమెరాకి పెట్టడం మానెయ్. అంత పవర్ లోపలికి తోస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. నేను కంట్రోలర్‌ని ఎప్పుడూ ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కి పెట్టను, పాత 5 వాట్ల బిళ్ళ చార్జర్‌తోనే పెడతా. నెమ్మదిగా ఎక్కితేనే బ్యాటరీకి మంచిది. ఐదు గంటలు పడితే పడనీ, పడుకునేముందు పెట్టేసెయ్.

---

సోల్డర్‌సూరి

బాస్‌లెవెల్ తమ్ముడూ, నెమ్మదిగా ఎక్కితే బ్యాటరీ తక్కువ వేడెక్కుతుందన్న మాట వరకు ఒప్పుకుంటా. కానీ 65 వాట్ల డబ్బా 65 వాట్లు తోయదు. బిందె మూతి సన్నగా ఉంటే కుళాయి ఎంత పెద్దదైనా నీళ్లు అంతే పడతాయి. ఎంత తీసుకోవాలో తేల్చేది అవతలి వస్తువే.

మబ్బులచాటు గారూ, మీ ప్రశ్నకి మూలం ఇక్కడే ఉంది. గోడకి పెట్టే ఆ 65 వాట్ల డబ్బా కరెంటు అందిస్తుందంతే. లిథియం సెల్‌కి ఎంత వోల్టేజీ ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు ఆపాలి అని చూసుకునే చార్జింగ్ సర్క్యూట్ మీ కెమెరా బోర్డు మీద ఉంది. మీ పాత తరం బాడీకి పీడీ, అదే యూఎస్‌బీ పవర్ డెలివరీ, రాదు. అంటే 9 వోల్టులు కావాలని చార్జర్‌ని అడగడం దానికి తెలియదు. 5 వోల్టుల దగ్గర సుమారు ఒకటిన్నర ఆంపియర్ దాకా తీసుకుని ఊరుకుంటుంది. 65 ఇచ్చినా, 100 ఇచ్చినా అది తాగేది ఏడు వాట్లే.

విడి గోడ చార్జర్‌లో ఆ సర్క్యూట్ డబ్బాలోనే ఉంటుంది. దాని లేబుల్ చూడండి. అవుట్‌పుట్ 8.4 వోల్టులు, 1.6 ఆంపియర్లు అని ఉండాలి. అంటే 13 వాట్ల పైచిలుకు. మీ బ్యాటరీ 16.4 వాట్ అవర్లు. ఆఖర్లో కరెంటు తగ్గించుకుంటూ నింపే భాగం కూడా కలిపితే రెండున్నర గంటలు అక్కడికి సరిపోతాయి.

అయితే ఐదు గంటలు దాటడం మాత్రం నాకు నచ్చలేదు. ఏడు వాట్లు నిజంగా లోపలికి వెళ్తుంటే మూడున్నర, మహా అయితే నాలుగు గంటల్లో అయిపోవాలి. మధ్యలో ఇంకేదో తినేస్తోంది. యూఎస్‌బీ మీటర్ ఉందా మీ దగ్గర? చార్జర్ వైపు కాకుండా కెమెరా వైపు పెట్టి చూడండి. చార్జర్ దగ్గర పెడితే కేబుల్ తినేది కనపడదు.

---

ఎఫ్‌పీవీ_గాలి

యూఎస్‌బీ గొడవ వదిలెయ్యండి. నేను 4ఎస్ 1500 ఎంఏహెచ్ ప్యాక్‌లు ఎగరేస్తా. బ్యాలెన్స్ చార్జర్ లేకుండా బయటికి అడుగు పెట్టను. 1సీ దగ్గర ఒకటిన్నర ఆంపియర్ పెట్టుకుంటా, ఎగరేయని రోజు సెల్‌కి 3.8 వోల్టులకి దించి స్టోరేజీలో పెడతా. మీరు కూడా ఎక్స్‌టీ60 కనెక్టర్ ఉన్న మంచి బ్యాలెన్స్ చార్జర్ ఒకటి తీసుకోండి, డ్రోన్ బ్యాటరీలన్నీ దాంతోనే అయిపోతాయి.

---

నాలుగురెక్కలు

గాలి అన్నా, ఆయన అడిగింది రేసింగ్ డ్రోన్ గురించి కాదు. ఆయన బ్యాటరీకి ఎక్స్‌టీ60 ఉండదు, బ్యాలెన్స్ తీగ బయటికి రాదు. మీ చార్జర్ తగిలించే చోటే లేదు దానికి. సెల్స్‌ని సమం చేసే సర్క్యూట్ ఆ బ్యాటరీ ప్లాస్టిక్ తొడుగులోనే ఉంటుంది. మీ లైపో ప్యాక్‌లో సెల్స్, తీగలు తప్ప ఇంకేమీ ఉండవు కాబట్టి మీకు విడి చార్జర్ తప్పదు. అది వేరే లోకం.

---

ఎఫ్‌పీవీ_గాలి

అదా సంగతి. డ్రోన్ అనగానే నా డ్రోనే గుర్తొచ్చింది 😄 ఒకటి మాత్రం చెప్తా. కొన్ని చిన్న వూప్ డ్రోన్‌ల 1ఎస్ బ్యాటరీలకి యూఎస్‌బీ పుల్ల చార్జర్లు వస్తాయి. వాటిలో కొన్ని 4.2 దగ్గర ఆగవు, 4.25 పైకి తీసుకెళ్తాయి. మల్టీమీటర్ పెట్టి చూడకుండా వాటిని నమ్మొద్దు.

---

ఫోకస్‌పద్మ

నేను ఈవెంట్లు తీస్తా. సూరిగారు చెప్పిన లెక్క సరే కానీ, నాకు వేగం రెండో విషయం. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ కెమెరా నా చేతిలో ఉండదు, అదీ నా బాధ. చాలా బాడీలు ఆఫ్‌లో ఉంటేనే బ్యాటరీని నింపుతాయి. ఆన్ చేశామా, ఆ కరెంటు కెమెరా నడవడానికి పోతుంది, బ్యాటరీలోకి ఏమీ చేరదు. భోజనం విరామంలో ఒక బ్యాటరీ చార్జ్‌కి పెట్టి, రెండోదాంతో షూట్ చేద్దామంటే విడి చార్జర్ ఉండి తీరాలి.

ఇంకోటి కూడా ఎవరూ చెప్పలేదు. బాడీ పక్కన రబ్బరు మూత తెరిచి కేబుల్ గుచ్చి ఉంచితే దుమ్ము, తేమ రాకుండా చేసిన ఏర్పాటంతా తెరిచిపెట్టినట్టే. ఇసుక, చినుకులు ఉండే చోట అలా పెట్టడానికి నాకు మనసొప్పదు. పోర్టు కదిలి వదులైందంటే అది బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, బాడీ విప్పాల్సిందే. గోడ చార్జర్ పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం, అంతే కదా.

---

మబ్బులచాటు

సూరిగారూ, మీటర్ ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి చూశా. గోడ చార్జర్ లేబుల్ మీరన్నట్టే 8.4 వోల్టులు, 1.6 ఆంపియర్లు.

కెమెరాకి వాడుతున్నది రెండు మీటర్ల కేబుల్, ఫోన్ స్టాండ్‌తో పాటు వచ్చింది. చార్జర్ దగ్గర మీటర్ పెడితే 5.1 వోల్టులు, 0.9 ఆంపియర్. అదే మీటర్‌ని కెమెరా వైపు పెడితే వోల్టేజీ 4.6 చూపిస్తోంది. తర్వాత లాప్‌టాప్ చార్జర్‌తో వచ్చిన పొట్టి, లావు కేబుల్ పెట్టి చూశా. కెమెరా వైపు 4.9, కరెంటు 1.4కి ఎక్కింది. చార్జర్ అదే, కెమెరా అదే. ఆ పూట మూడున్నర గంటల పైన కొద్దిగా పట్టింది.

---

సోల్డర్‌సూరి

దొరికింది కదా దొంగ. ఆ సన్న కేబులే అర వోల్టు తింటోంది. కెమెరా లోపలి చార్జింగ్ చిప్‌లు మామూలుగా వచ్చే వోల్టేజీని కనిపెట్టుకుని ఉంటాయి. నాలుగున్నర దగ్గరికి జారుతోందంటే అవతలి సప్లై బలహీనమైందని కరెంటు తామే తగ్గించుకుంటాయి. అందుకే 0.9 దగ్గర ఆగిపోయింది.

లెక్క వేసి చూపిస్తా. 4.6 ని 0.9 తో గుణిస్తే నాలుగు వాట్ల చిల్లర. అందులో వేడిగా పోయేది తీసేస్తే సెల్స్‌లోకి మూడున్నర వాట్లు దిగుతాయనుకోండి. 16.4 వాట్ అవర్లకి నాలుగున్నర గంటల పైనే, ఆ మీద చివరి నెమ్మది భాగం. మీరు చూసిన ఐదు గంటలు అదే. పొట్టి కేబుల్‌తో ఏడు వాట్ల దగ్గర, నష్టం పోను ఆరు. రెండు గంటల ముప్పావు, దానికి తోక కలిపితే మూడున్నర. మీ గడియారంతో సరిపోయింది.

కాబట్టి పెద్ద చార్జర్ కొంటే మీకు ఒరిగేదేమీ లేదు. కేబుల్ మార్చారు, గంటన్నర మిగిలింది. ఇక మిగిలిన గంట తేడా కెమెరా లోపలి పరిమితి, దానికి మందు లేదు.

---

బాస్‌లెవెల్

సరే అన్నా, 65 వాట్లు తోయదని ఒప్పుకున్నా. కానీ కెమెరా లోపల చార్జ్ అయితే బాడీ వెచ్చబడుతుంది కదా. విడి చార్జర్‌లో ఆ వేడి బయటే ఉంటుంది. అప్పుడు నేను చెప్పింది కొంత కరెక్టే కదా?

---

సోల్డర్‌సూరి

కొంత కరెక్టే. ఏడు వాట్లలో ఒక వాట్ పైచిలుకు వేడిగా బాడీలో ఉండిపోతుంది, వాస్తవమే. అయితే 13 వాట్లు ఎక్కించే గోడ చార్జర్‌లో సెల్స్ తామే ఇంకాస్త ఎక్కువ వేడెక్కుతాయి. రెండిట్లో దేనివల్ల బ్యాటరీ ముందు ముసలిదవుతుందో నా దగ్గరికి వచ్చే బ్యాటరీలు చూసి తేల్చలేకపోయా. జనం వాటిని నిండుగా నింపి నెలల తరబడి బీరువాలో పెట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువగా కనపడుతుంది. జాగ్రత్త పడాల్సిన సందర్భం ఒకటే. గంటసేపు 4కే వీడియో తీసి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు వెంటనే కేబుల్ గుచ్చకండి. చాలా కెమెరాలు ఆ వేడిలో చార్జింగ్ మొదలే పెట్టవు, లైటు మిణుకుమిణుకు మంటుంది. అది చూసి చార్జర్ పోయిందనుకుని నా దగ్గరికి తెస్తారు.

---

ఫోకస్‌పద్మ

అసలు మిణుకే లేకుండా చీకటిగా ఉండిపోవడం కూడా ఉంది. నా రెండో బాడీ పీడీ అడిగే రకం. పాత పవర్ బ్యాంక్ పెడితే లైటే వెలగదు, లాప్‌టాప్ చార్జర్ పెడితే వెంటనే వెలుగుతుంది. మబ్బులచాటు గారి కెమెరాకి పీడీ అనవసరం, దీనికి పీడీ లేనిదే పని జరగదు. బయట పోర్టు చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

బ్యాటరీ అక్షరాలు కూడా చూసుకోండి. కానన్ ఈఓఎస్ ఆర్ లాంటివాటిలో ఎల్‌పీ-ఈ6ఎన్ పెడితే బాడీలో చార్జ్ అవుతుంది, దాని ముందు వచ్చిన ఎల్‌పీ-ఈ6 పెడితే కెమెరా మామూలుగా పనిచేస్తుంది కానీ యూఎస్‌బీతో చార్జ్ కాదు. నికాన్ జెడ్6, జెడ్7లో కూడా ఈఎన్-ఈఎల్15 చివర బీ గానీ సీ గానీ ఉండాలి. చివర ఏ అనే అక్షరం ఉన్నదైతే కెమెరా నడుస్తుంది, బాడీలో చార్జ్ మాత్రం అవదు. పాత బాడీ నుంచి మిగిలిన బ్యాటరీలు ఉన్నవాళ్లకి విడి చార్జరే దిక్కు.

---

మబ్బులచాటు

పద్మగారూ, నా బ్యాటరీలు రెండూ కెమెరా కంపెనీవే. ఇంకో ఆలోచన వచ్చింది. రెండు బ్యాటరీలు పక్కపక్కన పట్టే యూఎస్‌బీ చార్జర్లు వేరే కంపెనీలవి వస్తాయి కదా, అరచేతిలో పట్టేంత. గోడ చార్జర్ బదులు అది తీసుకెళ్తే?

---

సోల్డర్‌సూరి

తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఇన్‌పుట్ దగ్గర రాసింది చదవండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే మొత్తం వచ్చేది పది వాట్లు. 5 ని 8.4 కి ఎక్కించడంలో కొంత పోయి ఎనిమిదిన్నర మిగులుతుంది, దాన్ని రెండు గదులు పంచుకుంటాయి. ఒక్కో బ్యాటరీకి నాలుగు వాట్ల చిల్లర, అంటే రెండూ కలిసి నాలుగున్నర, ఐదు గంటల్లో నిండుతాయి. కెమెరాలో ఒకదాని తర్వాత ఒకటి నింపితే ఏడు గంటలు, మధ్యలో లేచి మార్చాలి. అంటే ఒక్కో బ్యాటరీ నెమ్మదిగా ఎక్కినా రాత్రికి రెండూ సిద్ధం, కెమెరా ఖాళీ. ఇన్‌పుట్‌లో 9 వోల్టులు కూడా రాసి ఉన్నది దొరికితే ఇంకా బాగు, మీ 65 వాట్ల చార్జర్‌కి అప్పుడు కాస్త పని దొరుకుతుంది.

నా అనుమానం వాటి నాణ్యత మీద. నేను విప్పినవాటిలో కొన్ని బ్యాటరీ ఉష్ణోగ్రత పిన్నుని పట్టించుకోలేదు. ప్లస్, మైనస్ తీగలు మాత్రం కలిపి ఉన్నాయి. బ్యాటరీ కాలుతున్నా వాటికి తెలియదు. తెర మీద చూపించే శాతం కూడా వోల్టేజీ చూసి వేసే అంచనా, 100 అని చూపించాక కూడా కొంతసేపు ఉంచితేనే పూర్తిగా నిండుతుంది.

---

ఫోకస్‌పద్మ

నేను అలాంటిదే ఏళ్లుగా వాడుతున్నా, ఏమీ కాలేదు. సూరిగారి బల్ల మీదికి పాడైనవే కదా వస్తాయి, బాగున్నవి ఆయనకి కనపడవు 🙂

---

సోల్డర్‌సూరి

అదీ నిజమేనమ్మా. అయినా నా సొంత బ్యాటరీలని దాంట్లో పెట్టి నిద్రపోను. మెలకువగా ఉన్నప్పుడైతే వాడతా. మీరు వాడొద్దని నేను అనను.

---

నాలుగురెక్కలు

డ్రోన్ సంగతి ఇంకా మిగిలింది. ఇక్కడ చాలామందికి ఉండే అపోహ ఒకటి చెప్తా. మూడు బ్యాటరీల హబ్ కొంటే మూడూ ఒకేసారి నిండుతాయనుకుంటారు. మీ తరహా చిన్న డ్రోన్‌ల హబ్ ఒకదాని తర్వాత ఒకటే నింపుతుంది. ఎక్కువ చార్జ్ మిగిలి ఉన్నదాన్ని ముందు పూర్తిచేసి, తర్వాత రెండోదానికి వెళ్తుంది. అది తెలివైన పనే. తొందరగా ఒకటైనా ఎగరడానికి సిద్ధమవుతుంది.

డీజేఐ మినీ 4 ప్రో లెక్క తీసుకోండి, కంపెనీ ఇచ్చిందే. 30 వాట్ల చార్జర్‌తో, బ్యాటరీ డ్రోన్‌లోనే ఉంచి కేబుల్ గుచ్చితే 70 నిమిషాలు. అదే చార్జర్‌ని హబ్‌కి పెడితే ఒక్కోదానికి 58 నిమిషాలు. మూడు బ్యాటరీలకి డ్రోన్‌లో మూడున్నర గంటలు, హబ్‌లో మూడు గంటల లోపు. చూశారా, కెమెరాలో లాగా ఇక్కడ సగానికి సగం తేడా లేదు. ఎందుకంటే ఇక్కడ డ్రోన్ కూడా పీడీ అడుగుతుంది. మీ 65 వాట్ల చార్జర్ అయినా హబ్‌కి వెళ్లేది ముప్ఫై వాట్ల చుట్టుపక్కలే.

హబ్ వల్ల దక్కేది ఆ అరగంట కాదు. గంట గంటకీ లేచి బ్యాటరీ మార్చే పని తప్పుతుంది. మూడు బ్యాటరీలు వదులుగా బ్యాగ్‌లో దొర్లకుండా ఒక డబ్బాలో కూడా ఉంటాయి. పైగా ఆ హబ్‌లకి కేబుల్ తిప్పి పెడితే పవర్ బ్యాంక్‌లా పనిచేస్తాయి, డ్రోన్ రిమోట్‌ని దాంతో నింపుకోవచ్చు. ఒకే బ్యాటరీ ఉన్నవాడికి మాత్రం హబ్ అవసరమే లేదు.

---

మబ్బులచాటు

మొన్న ఎండలో ఎగరేసి దింపి, వెంటనే కారులో చార్జ్‌కి పెడితే ఏమీ జరగలేదు. హబ్ పాడైందేమో అని భయపడ్డా. గంట తర్వాత తనంతట తనే మొదలైంది.

---

నాలుగురెక్కలు

వేడి వల్లే అది. ఈ బ్యాటరీలు 5 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటేనే చార్జింగ్ ఒప్పుకుంటాయి. ఎగిరి దిగిన బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటుంది, పైగా ఎండలో నిలబెట్టిన కారు. హబ్‌లో పెట్టినా, డ్రోన్‌లో పెట్టినా ఒకటే, ఆపుతున్నది బ్యాటరీ. నీడలో మూత తీసి బయట పెట్టండి. చలి ప్రాంతాల్లో ఇదే సంగతి తలకిందులుగా వస్తుంది, పొద్దున్నే గడ్డకట్టిన బ్యాటరీ చార్జ్ ఎక్కదు. జేబులో పెట్టుకుని వెచ్చబరచాలి.

అన్నట్టు, డ్రోన్‌లో ఉంచి చార్జ్ చేసేటప్పుడు డ్రోన్ ఆఫ్‌లో ఉండాలి. ఫుటేజ్ కాపీ చేసుకోవడానికి ఆన్ చేసి, అది చార్జ్ కూడా అవుతోందనుకుని రాత్రంతా వదిలేసినవాళ్లని చూశా.

---

జాయ్‌స్టిక్‌నాన్న

కంట్రోలర్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? మా ఇంట్లో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు. పెన్సిల్ సెల్స్ వేసేవి. రీచార్జబుల్ సెల్స్ కొని వేశా. యూఎస్‌బీ కేబుల్ రోజూ పెడుతున్నాం, అయినా రెండు రోజులకే డౌన్ అంటోంది. సెల్స్ నకిలీవా?

---

బాస్‌లెవెల్

సెల్స్ నకిలీవి కాదు అంకుల్. ఆ కంట్రోలర్‌లో కేబుల్ పెడితే కంట్రోలర్ నడుస్తుంది, లోపలి పెన్సిల్ సెల్స్‌లోకి మాత్రం ఒక్క చుక్క కూడా ఎక్కదు. కంపెనీ చార్జింగ్ ప్యాక్ వేస్తేనే కేబుల్‌తో చార్జ్ అవుతుంది. అలా కావాలనే చేశారు. ఎవరైనా మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి కేబుల్ పెడితే వాటిని చార్జ్ చేయడం ప్రమాదం కదా. మీ సెల్స్‌ని బయటికి తీసి విడి చార్జర్‌లో పెట్టాలి. నాలుగు గదులది తీసుకోండి. ఒక్కో గదిని విడివిడిగా చూసుకునేది కావాలి, జతలు జతలుగా నింపేది వద్దు. జతలో ఒక సెల్ ముందే నిండితే రెండోది సగంలో ఆగిపోవడమో, మొదటిది అతిగా నిండటమో అవుతుంది.

నిజానికి విడి చార్జర్ పూర్తిగా గెలిచేది ఇక్కడే. ఒక జత ఆడుతుంటే ఒక జత నిండుతుంది. బ్యాటరీ ముసలిదైతే కంట్రోలర్ విప్పక్కర్లేదు, కొత్త సెల్స్ వేసుకోవడమే.

---

జాయ్‌స్టిక్‌నాన్న

అందుకా! ఇన్నాళ్లూ కేబుల్ పెట్టి ఆడినప్పుడు బాగానే ఉందని చార్జ్ అవుతోందనుకున్నాం. థాంక్స్ బాబూ.

---

మబ్బులచాటు

నావి డ్యూయల్‌సెన్స్. బ్యాటరీ లోపలే ఉంటుంది. వీటికి నిలబెట్టే డాక్ వస్తుంది కదా, దానివల్ల లాభం ఏమైనా ఉందా?

---

బాస్‌లెవెల్

వేగంలో లేదు. ఆ బ్యాటరీ 1560 ఎంఏహెచ్, వాట్ అవర్లలో ఆరు కూడా లేదు, కెమెరా బ్యాటరీలో మూడో వంతు అనుకో. కేబుల్ అయినా డాక్ అయినా ఇంచుమించు మూడు గంటలు. కంట్రోలర్ ముందు భాగంలో హెడ్‌సెట్ రంధ్రం పక్కన రెండు లోహపు చుక్కలుంటాయి, డాక్ వాటి నుంచి చార్జ్ చేస్తుంది. యూఎస్‌బీ పోర్టు అసలు తాకదు. రోజూ గుచ్చి పీకే పని లేదు కాబట్టి పోర్టు బతికిపోతుంది. నా పాత కంట్రోలర్ మైక్రో యూఎస్‌బీది, కేబుల్‌ని వేలితో ఒక పక్కకి నొక్కి పట్టుకుంటేనే చార్జ్ అయ్యేది.

కానీ ప్రయాణంలో డాక్ దండగ. చోటు తింటుంది, దానికి సొంత అడాప్టర్ ఉంటుంది. ఇంట్లో డాక్, బయట కేబుల్. నా ఓటు అంతే.

---

సోల్డర్‌సూరి

డాక్‌లో ఒక చిక్కు. ఆ లోహపు చుక్కల మీద చేతి చెమట, జిడ్డు పేరుకుంటే కంట్రోలర్ కూర్చున్నట్టే ఉంటుంది, చార్జ్ అవదు. ఆరెంజ్ లైటు మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటే ఎక్కుతోందని అర్థం. వెలగకపోతే పొడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి.

ఇంకొకటి, కన్సోల్‌కే కేబుల్ పెట్టి రెస్ట్ మోడ్‌లో చార్జ్ చేసేవాళ్లు సెట్టింగ్ చూసుకోండి. పవర్ సేవింగ్ కింద Supply Power to USB Ports అని ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే రాత్రంతా పెట్టినా పొద్దున ఖాళీయే. మూడు గంటలు అన్న ఆప్షన్ ఒక కంట్రోలర్‌కి సరిపోతుంది.

---

జాయ్‌స్టిక్‌నాన్న

ఇంకో చిన్న సందేహం, తిట్టకండి. పెద్దవాడికి వేరే కంపెనీ కంట్రోలర్ ఒకటి కొన్నా. పోర్టు టైప్-సీనే. కానీ కొత్త ఫోన్ చార్జర్, రెండు వైపులా సీ ఉన్న కేబుల్ పెడితే లైటు వెలగదు. పాత చార్జర్, పెద్ద యూఎస్‌బీ మొన ఉన్న కేబుల్‌తో పెడితే చక్కగా ఎక్కుతుంది. పోర్టు పోయిందా?

---

సోల్డర్‌సూరి

పోర్టుకేం కాలేదు. సీ నుంచి సీ కేబుల్ పెట్టినప్పుడు అవతల ఎవరో ఉన్నారని తెలిస్తేనే చార్జర్ కరెంటు వదులుతుంది. ఆ సంగతి చెప్పడానికి వస్తువు వైపు 5.1 కిలో ఓమ్స్ రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక వస్తువుల్లో అవి పెట్టడం మానేస్తారు. పాత రకం పెద్ద మొన చార్జర్ ఎవరినీ అడగకుండా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, అందుకే దాంతో పనిచేస్తోంది. ఆ కంట్రోలర్‌కి ఏ-టు-సీ కేబుల్ ఒకటి కేటాయించేయండి.

మబ్బులచాటు గారూ, మీ 65 వాట్ల చార్జర్‌కి పెద్ద యూఎస్‌బీ రంధ్రం ఒకటైనా ఉందా? అన్నీ సీ రంధ్రాలే ఉన్నదైతే ఇలాంటి వస్తువు ఒక్కటి బ్యాగ్‌లో ఉన్నా ఇరుక్కుపోతారు.

---

మబ్బులచాటు

రెండు సీ, ఒకటి పెద్దది. కానీ మూడూ ఒకేసారి వాడితే పవర్ పంచుకుంటుంది. ఒక సీలో హబ్ పెట్టి, రెండో సీలో కెమెరా పెడితే హబ్‌కి 45 అని రాసి ఉంది, సరిపోతుంది. అయితే రెండోది గుచ్చిన క్షణంలో మొదటిది ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతోంది. ఇది మామూలేనా?

---

నాలుగురెక్కలు

మామూలే. కొత్తది గుచ్చగానే చార్జర్ అన్ని పోర్టులతో మళ్లీ బేరం మొదలుపెడుతుంది. హబ్ తిరిగి అందుకుంటుంది. మొండికేసే వస్తువు ఏదైనా ఉంటే పీకి పెట్టాలి. అందుకే పడుకునేముందు అన్నీ గుచ్చి, లైట్లు అన్నీ వెలిగాయో లేదో చూసుకున్నాకే పడుకోండి.

---

మబ్బులచాటు

సరే, ఇదీ నేను సర్దుకున్నది. 65 వాట్ల చార్జర్, పొట్టి లావు కేబుళ్లు రెండు, ఏ-టు-సీ ఒకటి. డ్రోన్‌కి హబ్. కంట్రోలర్లకి కేబులే, డాక్ ఇంట్లో ఉంటుంది. కెమెరాకి గోడ చార్జర్ వదిలేసి, 9 వోల్టుల ఇన్‌పుట్ ఉన్న రెండు గదుల చార్జర్ చూస్తున్నా. ఉష్ణోగ్రత పిన్ను కలిపారో లేదో విప్పకుండా తెలుసుకునే దారి ఏమైనా ఉందా సూరిగారూ?

---

సోల్డర్‌సూరి

బ్యాటరీ కూర్చునే చోట ఎన్ని లోహపు రేకులు పైకి లేచి ఉన్నాయో చూడండి. రెండే ఉంటే ఉష్ణోగ్రత చూడట్లేదని ఖాయం. మూడు, నాలుగు ఉంటే చూస్తుందని హామీ లేదు, రేకు పెట్టి తీగ కలపనివి కూడా నాకు తగిలాయి. అవకాశం ఉందని మాత్రం అనుకోవచ్చు. మొదటిసారి మీరు పక్కన ఉండగా నింపండి, చివరి అరగంటలో బ్యాటరీని చేత్తో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే తిరిగి ఇచ్చేయండి.

---

ఫోకస్‌పద్మ

గోడ చార్జర్ అమ్మేయకండి మాత్రం. పొద్దున రెండు బ్యాటరీలూ ఖాళీ, షూట్ రెండున్నర గంటల్లో ఉందంటే, ఒకటి గోడకి, ఒకటి కెమెరాలో పెట్టి రెండూ కలిపి లాగిస్తా నేను.